ఆగితే బెర్, ఆపితే మెం: ఒక నూలు మిల్లు షిఫ్టు రిపోర్టు చెప్పిన ఇండోనేషియన్ క్రియల సంగతి

ఇండోనేషియాలో ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్ళకు నేను ఆన్‌లైన్‌లో ఆ దేశభాష నేర్పుతుంటాను. ఈ కేసు వాళ్ళలో ఒకాయనది. పశ్చిమ జావాలో ఒక నూలు మిల్లులో షిఫ్టు ఇన్‌చార్జి. మెషిన్ల గురించి ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంగ్లిష్‌లో రాసిన ఒక కోర్సు పుస్తకంతో సొంతంగా చదువుకుని, మాటలు కూడా బాగానే పోగేసుకున్నారు. ఇబ్బందల్లా షిఫ్టు దిగేముందు రాసే రిపోర్టుతోనే. ఆయన రాసింది చదివి మెయింటెనెన్స్ వాళ్ళు ఫోన్ చేసి "మెఙ్హెంతికన్ అప?" అని అడుగుతున్నారట. అంటే "దేన్ని ఆపింది?" అని. "మెషిన్ ఆగిందని రాస్తే దేన్ని ఆపిందని అడుగుతారేంటి మేడం?" అన్నారాయన.

ఆ రిపోర్టులోంచి నాలుగు వాక్యాలు తీసుకున్నాను. ఇండోనేషియన్ రాసేది రోమన్ అక్షరాల్లోనే అయినా ఇక్కడ అంతా తెలుగులోనే రాస్తాను. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: మన వర్ణమాలలో ఉండి కూడా ఎక్కడా పెద్దగా వాడని ఙ, ఞ అనే రెండు అక్షరాలకు ఈ భాషలో రోజంతా పని ఉంటుంది. ఙ అంటే "గంగ" అనేటప్పుడు సున్న దగ్గర ముక్కులో మోగే ధ్వని, వెనక గ లేకుండా.

ఆయన రాసినవి ఇవి:

మెసిన్ నొమొర్ తిగ మెఙ్హెంతికన్.
ఒపెరతొర్ మెన్‌సంబుఙ్ బెనఙ్.
సయ బెరుబహ్ కెచెపతన్ మెసిన్.
బెనఙ్ యఙ్ కమి మెఙ్‌కిరిమ్ కెమరిన్ సుదహ్ దిపెరిక్స.

చెప్పదలచుకున్నవి: మూడో నంబరు మెషిన్ ఆగింది. ఆపరేటర్ తెగిన దారం అతికాడు. నేను మెషిన్ వేగం మార్చాను. నిన్న మేము పంపిన నూలు తనిఖీ అయింది.

నాలుగింటిలోనూ మాటల ఎంపిక సరైనదే. హెంతి ఆగడం, సంబుఙ్ అతకడం, ఉబహ్ మార్పు, కిరిమ్ పంపడం. పొరపాటంతా ఆ మాటల ముందు తగిలించిన ముక్కలోనే ఉంది. ఇండోనేషియన్‌లో మూలపదాన్ని కర్త చేసే పనిగా మార్చేవి ముఖ్యంగా ఇలాంటి రెండు ముక్కలు. ఒకటి బెర్. రెండోది మె, దాని పక్కన మూలపదాన్ని బట్టి మారే ఒక ముక్కుధ్వని. వ్యాకరణాల్లో ఆ మారే ధ్వనికి గుర్తుగా మె పక్కన పెద్ద ఎన్ అక్షరం పెడతారు. నేను తెలుగువాళ్ళకు దాన్ని "మెం" అని సున్నతో రాసి చూపిస్తాను, ఎందుకో కాసేపట్లో చెప్తాను.

మొదటి, మూడో వాక్యాల జబ్బు ఒకటే కాబట్టి వాటితోనే మొదలుపెట్టాం.

దేన్ని అని అడగగలమా?

ఇంగ్లిష్‌లో మెషిన్ ఆగినా, నేను మెషిన్ ఆపినా "స్టాప్" అనే ఒక్క మాటే. వేగం మారినా, మార్చినా "ఛేంజ్" ఒక్కటే. తిరిగినా తిప్పినా "టర్న్" ఒక్కటే. ఆయన చదివిన పుస్తకంలో బెర్హెంతి పక్కనా, మెఙ్హెంతికన్ పక్కనా అర్థంగా "స్టాప్" అనే ఉంది. రెండింటికీ ఒకటే అర్థం రాసుంటే ఏది వాడినా ఒకటేనని అనుకోవడంలో ఆయన తప్పేమీ లేదు.

తెలుగు మాట్లాడేవాడికి ఈ గందరగోళం రావలసిన పనే లేదు. ఆగు, ఆపు. మారు, మార్చు. తిరుగు, తిప్పు. పెరుగు, పెంచు. తగ్గు, తగ్గించు. మన భాష ఈ జంటల్ని చిన్నప్పుడే నోటికి పట్టించేస్తుంది. "మెషిన్ ఆపింది" అని ఏ తెలుగు ఆపరేటరూ అనడు. ఇండోనేషియన్ సరిగ్గా ఇదే తేడాని మూలపదం ముందు ముక్క మార్చి చూపిస్తుంది. బెర్హెంతి ఆగు, మెఙ్హెంతికన్ ఆపు. బెరుబహ్ మారు, మెఙుబహ్ మార్చు. బెర్పుతర్ తిరుగు, మెముతర్ తిప్పు. బెర్తంబహ్ పెరుగు, మెనంబహ్ పెంచు. బెర్కురఙ్ తగ్గు, మెఙురఙి తగ్గించు.

అందుకని ఆయన పట్టికలోని ఇంగ్లిష్ అర్థాలన్నీ కొట్టేసి, పక్కన తెలుగు క్రియలు రాయమన్నాను. ఇది నేను ప్రతి విద్యార్థితోనూ చేయించే పనే, కానీ మిల్లులో పనిచేసేవాళ్ళకి మరీ బాగా పనికొస్తుంది. అక్కడ రోజంతా జరిగేది ఆగడం, ఆపడం, తిరగడం, తిప్పడమే. రాసే ముందు మనసులో తెలుగు వాక్యం అనుకుని "దేన్ని?" అని ప్రశ్న వేసుకోవాలి. "మెషిన్ ఆగింది. దేన్ని?" ప్రశ్న అతకదు, బెర్ పెట్టాలి. "నేను మార్చాను. దేన్ని? వేగాన్ని." ప్రశ్నకు జవాబుంది, మెం పెట్టాలి.

ఈ లెక్కన మొదటి వాక్యం "మెసిన్ నొమొర్ తిగ బెర్హెంతి" అయింది. మెయింటెనెన్స్ వాళ్ళు "దేన్ని ఆపింది?" అని ఎందుకు అడిగారో అప్పుడు ఆయనకి వెలిగింది. మెఙ్హెంతికన్ అన్న మాట కర్మ కోసం ఎదురుచూస్తుంది. అది కనిపించకపోతే చదివేవాళ్ళు వాక్యం సగంలో ఆగిపోయిందనుకుని మిగతా సగం అడుగుతారు. ఇండోనేషియన్లు మీ వాక్యం విని "అప?" అని ఎదురు ప్రశ్న వేస్తే, బెర్ ఉండాల్సిన చోట మెం పెట్టారేమో చూసుకోండి. రోగం పట్టుకోవడానికి ఇంతకన్నా సులువైన గుర్తు నాకు తెలియదు.

మూడో వాక్యంలో తప్పు దీనికి తిరగేసింది. "సయ బెరుబహ్" అంటే "నేను మారాను", అంటే మనిషిని మారిపోయాను అని. దాని తర్వాత "మెషిన్ వేగం" అన్న మాట ఎక్కడ అతుక్కోవాలో తెలియక వేలాడుతుంది. "సయ మెఙుబహ్ కెచెపతన్ మెసిన్" అని దిద్దుకున్నారు.

పనిలో పనిగా తెలుగు "కొను" సంగతీ చూపించాను. బెర్చుకుర్ గడ్డం గీసుకోవడం, మెంచుకుర్ ఇంకొకరికి గీయడం. బెర్హియస్ అలంకరించుకోవడం, మెఙ్హియస్ అలంకరించడం. బెర్సెంబుఞి దాక్కోవడం, మెఞెంబుఞికన్ దాచడం. బెర్జెముర్ అంటే మనిషి ఎండకు కూర్చోవడం, మెంజెముర్ అంటే బట్టలు ఆరేయడం. పని చేసినవాడి ఒంటికే తిరిగొస్తే బెర్, బయటికి పోతే మెం. దీన్ని మరీ సాగదీయకూడదు. "అన్నం వండుకున్నాను" లాంటి చోట కొను ఉన్నా వండింది అన్నాన్నే కాబట్టి అది మెం వైపే పోతుంది. దేన్ని అన్న ప్రశ్నే పెద్దది, కొను దానికి తోడు మాత్రమే.

పరుషాలు ఎక్కడికి పోతున్నాయి

రెండో వాక్యంలో బెర్ పెట్టాలా మెం పెట్టాలా అన్న తడబాటు లేదు. దారాన్ని అతికాడు కాబట్టి మెం సరైనదే. తప్పు అతికిన తీరులో ఉంది. సంబుఙ్‌కి మెం చేరితే మెన్‌సంబుఙ్ కాదు, మెఞంబుఙ్ అవుతుంది. స పోయి దాని చోట ఞ వస్తుంది.

పుస్తకాల్లో దీనికి పెద్ద పట్టిక ఇస్తారు: ఈ అక్షరం ముందు ఇలా, ఆ అక్షరం ముందు అలా అని. వర్ణమాల వర్గాలుగా నేర్చుకున్న మనకు ఆ పట్టికలో చాలా భాగం అనవసరం. "అంబ" అన్నప్పుడు సున్న మ్ అవుతుంది, "అంద" అన్నప్పుడు న్, "గంగ" అన్నప్పుడు ఙ్. తర్వాతి అక్షరం ఏ వర్గమో ఆ వర్గపు చివరి అక్షరంగా సున్న పలుకుతుంది. మెం చేసేది కూడా అదే. బెలి (కొను) మెంబెలి అవుతుంది. దెఙర్ (విను) మెందెఙర్. గంతి (బదులు పెట్టు) మెంగంతి. చరి (వెతుకు) మెంచరి, జువల్ (అమ్ము) మెంజువల్. ఇవన్నీ తెలుగులో సున్నతో రాసి మామూలుగా చదివితే చాలు, ఉచ్చారణ దానంతటదే సరిపోతుంది.

అసలు చిక్కు పరుషాల దగ్గర వస్తుంది. బ, ద, గ అనే సరళాలు ముక్కుధ్వని పక్కన చెక్కుచెదరకుండా ఉంటాయి. ప, త, క అనే పరుషాలు మాత్రం తమ వర్గపు ముక్కు అక్షరంలో కలిసిపోయి కనిపించకుండా పోతాయి. పెరిక్స మెమెరిక్స అవుతుంది (మన "పరీక్ష" అనే సంస్కృత పదమే జావా దాకా వెళ్ళి పెరిక్స అయింది, అందుకే తెలుగువాళ్ళకు ఇది ఇట్టే గుర్తుంటుంది). తులిస్ (రాయి) మెనులిస్. తింబఙ్ (తూచు) మెనింబఙ్. కిరిమ్ (పంపు) మెఙిరిమ్. చ కూడా పరుషమే కదా, అది కూడా పోవాలి అనిపిస్తుంది కానీ పోదు. మెంచరిలో చ నిలబడే ఉంది. చ బదులు స పోతుంది, దాని చోట చ వర్గపు ఞ వస్తుంది. సంబుఙ్ మెఞంబుఙ్ అయింది అలాగే. ఇండోనేషియా బడుల్లో పిల్లలకు ఈ నాలుగింటినీ క, ప, స, త అని గుర్తు పెట్టిస్తారు. పోవడాన్ని వాళ్ళు "లులుహ్" అంటారు, కరిగిపోవడం అని.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. అచ్చుల ముందూ, హ ముందూ ఙ వస్తుంది: అంబిల్ (తీసుకో) మెఙంబిల్, హితుఙ్ (లెక్కపెట్టు) మెఙ్హితుఙ్. ర, ల, వ, య, మ, న లాంటి వాటి ముందు ముక్కుధ్వని ఉండదు, ఒట్టి మె మాత్రమే: లిహత్ (చూడు) మెలిహత్, రవత్ (బాగోగులు చూడు) మెరవత్. ఒకే అచ్చు ఉన్న పొట్టి మాటలకు మెఙె వస్తుంది: రంగు అనే అర్థమున్న చత్ నుంచి మెఙెచత్ (రంగు వేయు), తుడిచే గుడ్డ లప్ నుంచి మెఙెలప్. బయటి భాషల నుంచి వచ్చి రెండు హల్లులతో మొదలయ్యే మాటల్లో పరుషం పోదు: మెంప్రొదుక్సి (ఉత్పత్తి చేయు), మెంత్రన్స్‌ఫెర్ (బదిలీ చేయు). ఒకే హల్లుతో మొదలయ్యే అరువు మాటల దగ్గర ఇండోనేషియన్లకే ఏకాభిప్రాయం లేదు. వాడకానికి సంబంధించిన మాటను ప్రామాణికంగా మెఙొన్‌సుమ్సి అని రాయాలి, కానీ క ఉంచేసి మెఙ్‌కొన్‌సుమ్సి అని రాసేవాళ్ళు కోకొల్లలు. రిపోర్టులో రెండో రూపం కనిపిస్తే కంగారు పడొద్దని చెప్తాను.

క పోవడం, ఉండడం మీద అర్థమే మారిపోయే జంట కూడా ఒకటుంది. కజి అనే మూలం నుంచి మెఙజి అంటే ఖురాన్ పఠించడం, మెఙ్‌కజి అంటే ఒక విషయాన్ని లోతుగా పరిశీలించడం. ఇలాంటివి అరుదు, వచ్చినప్పుడు విడిగా నేర్చుకోవాల్సిందే.

వెనక్కి నడవడం

రాయడం కన్నా చదివేటప్పుడు ఈ మార్పు ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఇండోనేషియా ప్రభుత్వ సంస్థ 1988లో మొదటిసారి అచ్చువేసిన కముస్ బెసర్ బహస ఇందొనేసియ అనే పెద్ద నిఘంటువు మూలపదాల వరుసలో ఉంటుంది. మెఙిరిమ్ అన్న మాటను "మ" కింద వెతికితే లాభం లేదు, "క" కింద కిరిమ్ దగ్గర ఉంటుంది. అంటే అర్థం వెతకాలంటే కరిగిపోయిన అక్షరాన్ని ముందు మనమే పోల్చుకోవాలి.

మెఙ్ తర్వాత అచ్చు ఉంటే మూలం అచ్చుతో మొదలవ్వొచ్చు, లేదా క పోయి ఉండొచ్చు. దీంతో నిజమైన అస్పష్టతలు వస్తాయి. మెఙురుస్ అంటే ఉరుస్ నుంచి "వ్యవహారం చూసుకోవడం" కావచ్చు, కురుస్ నుంచి "చిక్కిపోవడం" కావచ్చు. మెఙుకుర్ అంటే కొలవడం కావచ్చు, కొబ్బరి కోరడం కావచ్చు. సందర్భం చూడక తప్పదు.

ఎక్కువ చోట్ల మాత్రం ఒక గట్టి పరీక్ష ఉంది. మెం తీసేసి "ది" చేరిస్తే కర్మణి రూపం వస్తుంది, "పంపబడింది" లాంటిది. ఆ "ది" మూలపదాన్ని ముట్టుకోదు. మెఙిరిమ్ పక్కన దికిరిమ్ కనిపిస్తే పోయింది క అని తెలిసిపోతుంది. మెమెరిక్స పక్కన దిపెరిక్స, మెఞంబుఙ్ పక్కన దిసంబుఙ్. మా విద్యార్థి రిపోర్టు నాలుగో వాక్యంలో దిపెరిక్స సరిగ్గానే రాశారు, కానీ మెమెరిక్స ఎదురైతే గుర్తుపట్టేవారు కాదు. ఆయనకు తెలిసిన మాటలే మెం వేసుకుని వస్తే కొత్త మాటల్లా కనిపించేవి. అందుకని ఆయన పట్టికలో ప్రతి మెం క్రియ పక్కనా ది రూపం కూడా రాయించాను.

షెడ్డులో ఆపరేటర్లు మాట్లాడే మాటకు కూడా ఇది పనికొచ్చింది. మామూలు మాటల్లో మె ఎగిరిపోయి ముక్కుధ్వని ఒక్కటే మిగులుతుంది. మెఙిరిమ్ ఙిరిమ్ అవుతుంది, మెఞంబుఙ్ ఞంబుఙ్, మెనులిస్ నులిస్. పశ్చిమ జావాలో చాలామందికి ఇంటిభాష సుండా, అందులో కూడా క్రియలు ఇలా ముక్కుధ్వనితోనే తయారవుతాయి. "ఙిరిమ్ అంటే ఏంటి, ఎక్కడా దొరకడం లేదు" అని ఆయన మొదట్లో అడిగిన మాట, వెనక్కి నడవడం అలవాటయ్యాక తనంతట తనే కిరిమ్ దగ్గరికి చేరింది.

గోడ మీద రాసే హెచ్చరికలు ఈ పాఠానికి మంచి సరుకు. "మతికన్ మెసిన్ సెబెలుమ్ మెంబెర్సిహ్‌కన్", అంటే శుభ్రం చేసేముందు మెషిన్ ఆపండి. రెండూ కర్మ ఉన్న క్రియలే, కానీ మొదటిదానికి మె లేదు. ఆజ్ఞ ఇచ్చేటప్పుడు అలాంటి క్రియలకు మెం తీసేస్తారు. బెర్ మాత్రం ఆజ్ఞలోనూ ఉండిపోతుంది, "బెర్హెంతి!" అనే అరుస్తారు. రెండో మాటలో ఇంకో ఉచ్చు ఉంది. మా విద్యార్థి బెర్సిహ్‌ని బెర్, సిహ్ అని రెండుగా విరిచారు. అది విరగదు, బెర్సిహ్ మొత్తం "శుభ్రమైన" అనే ఒకే మూలపదం. బెరస్ (బియ్యం), బెరత్ (బరువైన), బెరిత (వార్త) కూడా ఇలాంటివే, చూడ్డానికి బెర్ ఉన్నట్టుంటాయి, ఉండదు.

ఇండోనేషియన్లే తడబడే మాట

మూడో వాక్యాన్ని మెఙుబహ్ అని దిద్దాక ఆయన ఒక సంగతి అడిగారు. "మా ఫ్యాక్టరీలో అందరూ మెరుబహ్ అంటారు మేడం, మీరేమో మెఙుబహ్ అంటున్నారు." ఆయన చెప్పింది నిజం. మెరుబహ్ అన్న రూపం ఇండోనేషియా అంతటా వినిపిస్తుంది, ప్రామాణిక భాషలో మాత్రం అది తప్పు. ఆ తప్పు పుట్టిన తీరులో బెర్, మెం రెండింటి పనితీరూ ఒకేసారి కనిపిస్తుంది కాబట్టి దాని మీద ఒక క్లాసంతా గడిపాను.

ర తో మొదలయ్యే మూలపదం ముందు బెర్‌లోని ర పోయి బె మాత్రమే మిగులుతుంది. రెనఙ్ (ఈత) నుంచి బెరెనఙ్. రొద (చక్రం) నుంచి బెరొద, చక్రాలున్న అని. మొదటి అక్షరభాగంలో ఎర్ అని ఉన్నా ఇంతే: కెర్జ (పని) నుంచి బెకెర్జ. అజర్ నుంచి మాత్రం బెలజర్ (నేర్చుకొను) అని ర బదులు ల వస్తుంది. ఇప్పుడు బెరుబహ్‌ని చూడండి. బెర్ పక్కన ఉబహ్ చేరినా ఇదే రూపం, బె పక్కన రుబహ్ చేరినా ఇదే రూపం. విన్నవాడి చెవికి తేడా తెలియదు. ఎవరైనా రెండో రకంగా విరుచుకుంటే, మెరవత్ లాగే మె, రుబహ్ కలిసి మెరుబహ్ అవుతుంది. వాళ్ళ లెక్క సరిగ్గానే ఉంది, విరిచిన చోటే తప్పు. రుబహ్ అనే మాట విడిగా ఉంది కానీ దానర్థం నక్క.

ఇక్కడ ది పరీక్ష కూడా చాలదు, మెరుబహ్ అనేవాళ్ళు దిరుబహ్ అనే అంటారు. నామవాచకం చూద్దామా అంటే పెరుబహన్ (మార్పు) కూడా రెండు రకాలుగా విరుగుతుంది. చివరికి తేల్చేది నిఘంటువే, అక్కడ మార్పు అనే అర్థం ఉబహ్ కింద ఉంది. బెరువఙ్ అన్న మాట ఇంకా చిత్రం: విరవకపోతే ఎలుగుబంటి, బెర్ పక్కన ఉవఙ్ (డబ్బు) పెడితే డబ్బున్న, బె పక్కన రువఙ్ (గది) పెడితే గదులున్న. విన్నది మెరుబహ్ అయినా రాసేది మెఙుబహ్ కావాలని ఆయనతో తేల్చుకున్నాం. రిపోర్టు పై ఆఫీసుకు పోతుంది కదా.

తెలుగు సాయం చేయని చోటు

నాలుగో వాక్యంలో రెండు తప్పులున్నాయి. మెఙ్‌కిరిమ్‌ని మెఙిరిమ్ చేస్తే ఒకటి పోతుంది, కానీ వాక్యం అప్పటికీ తప్పే. "బెనఙ్ యఙ్ కమి కిరిమ్ కెమరిన్" అని మెం పూర్తిగా తీసేయాలి.

కారణం ఇది. యఙ్ అన్నది మన "పంపిన", "ఆగిన" లాంటి విశేషణ వాక్యాన్ని కట్టే మాట. యఙ్ ముందున్న నామవాచకం పని చేసినదైతే మెం ఉంటుంది. నూలు పంపిన కంపెనీ: "పెరుసహఅన్ యఙ్ మెఙిరిమ్ బెనఙ్". ఆ నామవాచకం పని జరిగిన వస్తువైతే మెం ఉండకూడదు. మేము పంపిన నూలు: "బెనఙ్ యఙ్ కమి కిరిమ్". ప్రశ్నలకూ ఇదే లెక్క. ఎవరు పంపారు అనడానికి "సియప యఙ్ మెఙిరిమ్?", మీరు ఏం పంపారు అనడానికి "అప యఙ్ అంద కిరిమ్?" మెం ఉన్న క్రియకు ముందు వచ్చేది కర్తే అయివుండాలన్న షరతు అది.

తెలుగులో "నూలు పంపిన కంపెనీ", "కంపెనీ పంపిన నూలు" రెండింటిలోనూ "పంపిన" ఒక్కటే. మనకు ఆ తేడా చూపించే అలవాటు క్రియలో లేదు, కాబట్టి ఇక్కడ తెలుగులో అనుకుని రాయడం పనిచేయదు. నా విద్యార్థులందరిలో చివరిదాకా వదలని తప్పు ఇదే. దేన్ని అనే పరీక్ష వాళ్ళకు తొందరగా ఒంటబడుతుంది, ఇది మాత్రం రాసి రాసి అలవాటు కావాల్సిందే. యఙ్ కనిపించగానే పెన్ను ఆపి, దాని ముందున్న మాట చేసినదా, చేయించుకున్నదా అని చూసుకోమంటాను. బెర్ క్రియలకు ఈ బాధ లేదు. వాటికి కర్మే ఉండదు కాబట్టి "మెసిన్ యఙ్ బెర్హెంతి" అని నిశ్చింతగా రాసుకోవచ్చు.

దేన్ని అనే పరీక్షకు కూడా హద్దులున్నాయి. తిదుర్ (నిద్రపో), పెర్గి (వెళ్ళు), దతఙ్ (వచ్చు), దుదుక్ (కూర్చో), జతుహ్ (పడు) లాంటి రోజువారీ క్రియలకు బెర్ గానీ మెం గానీ అక్కర్లేదు, మూలపదమే క్రియ. బెర్ నేర్చుకున్న ఉత్సాహంలో బెర్‌తిదుర్ అని రాసేవాళ్ళను చూశాను. అలాగే మెం ఉండి కూడా కర్మ లేని క్రియలు కొన్ని ఉన్నాయి: మెనఙిస్ (ఏడ్చు), మెఙునిఙ్ (పసుపుబారు), మెందరత్ (విమానం నేలకు దిగు). మిల్లులో ఆయనకు రోజూ ఎదురయ్యేది మెఞల, అంటే లైటు వెలగడం. తెలుగు లెక్కన వెలుగు, వెలిగించు జంటలో వెలుగుకు బెర్ రావాలి. కానీ వెలుగు మెఞల, వెలిగించు మెఞలకన్. పైగా ఞ చూసి స పోయిందనుకుని "సల" కోసం వెతికారు. మూలం ఞల, ఏమీ పోలేదు. ఇటువైపు బెలజర్ ఉంది: "సయ బెలజర్ బహస ఇందొనేసియ" అంటే దేన్ని అన్నదానికి జవాబు ఉన్నట్టే కనిపిస్తుంది. అయినా దానికి ది రూపం రాదు, "నేర్చుకోబడింది" అనాలంటే మెంపెలజరి అనే వేరే క్రియకు వెళ్ళి దిపెలజరి అనాలి. ఇలాంటివన్నీ విడిగా ఒక పేజీలో రాసుకోమన్నాను. ఆ పేజీ పొడుగేమీ కాదు.

ఈ మధ్య ఆయన పంపిన రిపోర్టులో ఈ వాక్యాలున్నాయి: "లంపు మెరహ్ మెఞల, లలు మెసిన్ నొమొర్ లిమ బెర్హెంతి. సయ మెఙ్హెంతికన్ మెసిన్ నొమొర్ ఎనమ్ జుగ, కరెన కపస్ యఙ్ దికిరిమ్ దరి గుదఙ్ మసిహ్ లెంబప్." ఎర్ర లైటు వెలిగి ఐదో నంబరు మెషిన్ ఆగింది, గోడౌన్ నుంచి వచ్చిన దూది ఇంకా చెమ్మగా ఉండడంతో ఆరో నంబరు మెషిన్ కూడా ఆపాను అని. ఒకే చోట బెర్హెంతి, మెఙ్హెంతికన్ రెండూ తమ తమ స్థానాల్లో ఉన్నాయి. యఙ్ దగ్గర మాత్రం ఆయన ఒక పక్కదారి పట్టారు. "వాళ్ళు పంపిన దూది" అని రాస్తే మళ్ళీ మెం పెడతానేమోనని, "పంపబడిన" అని దికిరిమ్ వాడేశారు. అది మంచి ఇండోనేషియనే, రిపోర్టుల్లో అక్కడివాళ్ళూ ఎక్కువగా అలాగే రాస్తారు. అందుకని దాన్ని దిద్దలేదు. కాకపోతే "మేము పంపిన", "నేను చూసిన" అని తన పేరు మీద చెప్పాల్సిన చోట ది పనికిరాదు కాబట్టి, ఇప్పుడు ఆయన చేత సయ, కమి ఉన్న యఙ్ వాక్యాలే రాయిస్తున్నాను.